గెలిపించే కట్టు, గెలుపు తినేసే కట్టు: ఇబ్న్ ఖల్దూన్ సిద్ధాంతంపై ఆరు శతాబ్దాల చర్చ

రాజవంశాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలతాయి అన్న ప్రశ్నకు ఉత్తర ఆఫ్రికాలో 1377లో ఇబ్న్ ఖల్దూన్ ఒక జవాబు రాశాడు. మనుషులను ఒకరి కోసం ఒకరు ప్రాణాలకు తెగించి నిలబడేలా చేసే కట్టు ఒకటుందనీ, అది గట్టిగా ఉన్న గుంపు రాజ్యం గెలుస్తుందనీ, గెలిచిన రాజ్యమే ఆ కట్టును తెంపుతుందనీ ఆయన వాదం. ఆ కట్టు పేరు అసబియ్య.

ఈ జవాబును తర్వాతి కాలంలో ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకున్నారు. తమ సామ్రాజ్యం క్షీణిస్తోందేమోనని దిగులుపడిన ఒట్టోమన్ ఆస్థాన రచయితలు అందులో వైద్యం వెతికారు. అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచి అధికారులు అరబ్బులకూ బెర్బెర్లకూ పొత్తు కుదరదనడానికి సాక్ష్యం వెతికారు. మార్క్సిస్టులు ఆయనను భౌతికవాదానికి పూర్వీకుడన్నారు. 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్ పన్నుల కోతను సమర్థించుకోవడానికి ఆయన పేరెత్తాడు. ఈ మధ్య చరిత్రను సమీకరణాలతో చదివే పరిశోధకులు అసబియ్యను ఒక చలరాశిగా తీసుకున్నారు.

వీళ్లంతా ఒకే సిద్ధాంతం గురించి మాట్లాడుతున్నారా? లేదనే అనుకుంటున్నాను. ఆయన గ్రంథంలో రెండు వాదాలు పెనవేసుకుని ఉన్నాయి. రాజ్యం ఎవరు గెలుస్తారన్నది ఒకటి. గెలిచాక రాజుకూ అతన్ని గెలిపించినవాళ్లకూ మధ్య ఏం జరుగుతుందన్నది రెండోది. మొదటిది ఆయన చూసిన నేలకూ కాలానికీ గట్టిగా కట్టుబడి ఉంది. రెండోది అంతకంటే దూరం వెళుతుంది. ఈ రెండింటినీ విడదీయకపోవడం వల్లే చర్చలో సగం చిక్కు వచ్చిపడింది.

సిద్ధాంతం పుట్టిన చోటు

ఇబ్న్ ఖల్దూన్ 1332లో ట్యూనిస్‌లో పుట్టాడు. ఆయన పూర్వీకులు స్పెయిన్‌లోని సెవిల్‌లో పలుకుబడి గల కుటుంబం. 1248లో ఆ నగరం క్రైస్తవ రాజు చేతికి పోబోతుండగా ముందే బయటపడి ట్యూనిస్ హఫ్సీ పాలకుల కొలువులో చేరారు. ఆయనకు పదిహేనేళ్లప్పుడు, 1347లో, మొరాకోను ఏలుతున్న మరీనీ సుల్తాను అబుల్ హసన్ ట్యూనిస్ దాకా గెలుచుకుంటూ వచ్చాడు. మగ్రిబ్ అంతా మళ్లీ ఒకే గొడుగు కిందికి వచ్చిందనిపించింది. మరుసటి ఏడే కైరవాన్ దగ్గర అరబ్బు తెగలు ఆ సుల్తానును ఓడించాయి. గొడుగు మడిచేశారు. ఆ వెంటనే వచ్చిన ప్లేగు ఖల్దూన్ తల్లిదండ్రులను తీసుకుపోయింది.

ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఆయన ఫెజ్, గ్రనడా, బిజాయా, త్లెమ్సెన్ కొలువులు తిరిగాడు. మంత్రి అయ్యాడు, రాయబారి అయ్యాడు, ఫెజ్‌లో దాదాపు రెండేళ్లు ఖైదులో ఉన్నాడు. తెగల పెద్దలతో బేరాలాడి సుల్తానులకు సైన్యం కూర్చడం ఆయన పనుల్లో ఒకటి. తెగ ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు కదలనంటుందో ఆయనకు కాగితాల మీద కాక బేరాల్లో తెలిసింది. 1375లో రాజకీయాలతో విసిగి, నేటి అల్జీరియాలోని ఇబ్న్ సలామా కోటలో ఒక తెగ రక్షణలో తలదాచుకున్నాడు. అక్కడే తన ప్రపంచ చరిత్రకు ముందుమాటగా ముఖద్దిమా రాశాడు.

ఆయన పద్ధతి గురించి ఒక్క మాట. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువు నుంచి తిరిగొచ్చిన ఇబ్న్ బతూతా చెప్పిన వైభవాలను ఫెజ్ జనం కోతలన్నారు. ఖల్దూన్ కూడా మొదట నమ్మలేదు. తాను చూడనిదల్లా అబద్ధం అనుకోవద్దని ఒక వజీరు మందలించాడని ఆయనే రాసుకున్నాడు. ఏ వార్తనైనా చెప్పినవాడి పరువును బట్టి కాక, సమాజంలో అది జరగగలదా లేదా అన్నదాన్ని బట్టి తూచాలన్నది ఆయన నియమం. అసబియ్య సిద్ధాంతం ఆ తూనికకు కావలసిన రాయిగానే పుట్టింది.

వాదం నడిచే తీరు

ఎడారి అంచుల్లో, కొండల్లో బతికేవాళ్లకు గోడలు లేవు, కొత్వాలు లేడు. ఒకడి మీద దాడి జరిగితే వాడి బంధువులే దిక్కు. కాబట్టి రక్త సంబంధం, దానితో సమానంగా చూసే ఆశ్రిత సంబంధం, పొత్తు, ఇవి అక్కడ ప్రాణాలు నిలిపే ఏర్పాట్లు. నగరంలో ఆ పని సైన్యం, న్యాయస్థానం, ప్రాకారం చేస్తాయి. అందుకే నగరవాసికి ఆ కట్టు అవసరం పడదు, అవసరం లేనిది క్రమంగా సడలుతుంది. ఖల్దూన్ బంధుత్వాన్ని మంత్రంగా చూడలేదన్నది గమనించాలి. వంశవృక్షం చాలావరకు ఊహే అంటాడు. కలిసి బతకడం, కలిసి పోరాడటం వల్లే అది నిజమవుతుంది.

కట్టు గట్టిగా ఉన్న తెగ ఎప్పుడూ తెగగానే ఉండిపోదు. దాని గమ్యం రాజ్యాధికారం. తెగలెన్నో ఉన్న చోట అన్నిటినీ కలపడానికి మతబోధ తోడవ్వాలి. అది వాళ్లలో వాళ్లకున్న అసూయలను అణచి అందరి ముఖాలనూ ఒకే వైపు తిప్పుతుంది. కానీ కట్టు లేకుండా బోధ ఒక్కటే రాజ్యం తేలేదు. 1144లో పశ్చిమ అందలుసియాలో తిరుగుబాటు లేపిన సూఫీ ఇబ్న్ ఖసీ వెనుక తెగ లేదు, ఆ తిరుగుబాటు నిలవలేదు. ఖల్దూన్ చూపే ఉదాహరణల్లో ఇదొకటి.

గెలిచాక రెండో కథ మొదలవుతుంది. రాజ్యం దక్కించుకున్న నాయకుడు తన గుంపులో పెద్దన్న మాత్రమే. అతనికి అది చాలదు. అధికారంలో వాటా కోరగలవాళ్లు తనను గెలిపించిన బంధువులే గనక మొదట వాళ్లనే అణచాలి. వాళ్ల చోట ఎవరిని పెట్టాలి? తన దయ తప్ప వేరే దిక్కులేని బయటివాళ్లను: కొన్న బానిసలను, జీతానికొచ్చిన సైనికులను, ఆశ్రితులను. వీళ్లకు పౌరుషం కంటే జీతం ముఖ్యం. జీతానికి పన్ను కావాలి. తొలినాళ్లలో మతం విధించిన కొద్ది పన్నులే ఉండి, జనం ఉత్సాహంగా సేద్యం చేసి, మొత్తం రాబడి ఎక్కువగా ఉండేది. ఇప్పుడు నగర ద్వారాల దగ్గర, బజార్లలో కొత్త సుంకాలు పడతాయి. కష్టపడి లాభం లేదని తెలిసిన జనం పని తగ్గిస్తారు, రేటు పెరిగి రాబడి తగ్గుతుంది. అంచుల్లోని రాష్ట్రాలు ముందు జారిపోతాయి. ఎక్కడో మరో కట్టున్న గుంపు ఎదురుచూస్తుంటుంది.

ఈ క్రమానికి ఆయన ఒక లెక్క కూడా చెప్పాడు: తరానికి 40 ఏళ్లు, మూడు తరాలు, 120 ఏళ్లు. కష్టం తెలిసి గెలిచిన తరం, ఆ కష్టాన్ని కనీసం చూసిన తరం, అసలేమీ తెలియని తరం. ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నది ఈ లెక్కనే. సిద్ధాంతంలో అన్నిటికంటే బలహీనమైన భాగమూ ఇదే.

మువహ్హిదుల ఉదాహరణ

సిద్ధాంతాన్ని పరీక్షించడానికి మంచి చోటు ఐరోపా రచయితలు అల్మొహాద్‌లు అని పిలిచే మువహ్హిద్ వంశం. ఖల్దూన్ దృష్టిలోనూ ఇది ముఖ్యమైన ఉదాహరణే. ఆయన కాలానికి మగ్రిబ్‌ను పంచుకున్న మూడు రాజ్యాలూ దాని శిథిలాల నుంచి లేచినవే.

1120ల్లో ఇబ్న్ తూమర్త్ అనే బోధకుడు, తానే మహ్దీనని ప్రకటించుకుని, ఎత్తయిన అట్లాస్ కొండల్లో తీన్మాల్ అనే చోట మస్మూదా బెర్బెర్ తెగలను కూడగట్టాడు. మర్రకేష్ నుంచి ఏలుతున్న మురాబితులు దేవుడి ఏకత్వాన్ని చెడగొట్టారన్నది అతని బోధ. ఆ బోధతో పాటు అతను ఒక నిర్మాణాన్నీ తెచ్చాడు. పదిమంది సన్నిహితుల సభ, యాభైమంది తెగ ప్రతినిధుల సభ, తెగలకు వరుస క్రమం. ఎడారి అలవాట్లలో మస్మూదాల కంటే జెనాతా తెగలే మొరటువాళ్లు, కాబట్టి కట్టు ఒక్కటే చూస్తే గెలుపు జెనాతాలది కావాలి, అయినా మస్మూదాలు గెలిచారు, బోధ కట్టును రెట్టింపు చేసిందని ఖల్దూన్ అంటాడు. బోధ రంగు వెలిశాక అదే జెనాతాలు తిరగబడి రాజ్యం లాక్కున్నారనీ చూపిస్తాడు.

1130లో ఇబ్న్ తూమర్త్ పోయాక నాయకత్వం అబ్దుల్ మూమిన్‌కు వచ్చింది. అతను మస్మూదా కాడు, త్లెమ్సెన్ వైపు కూమియా తెగవాడు. మస్మూదా పెద్దల్లో ఒకడైన అబూ హఫ్స్ ఉమర్ అండగా నిలవడంతో మిగతావాళ్లూ ఒప్పుకున్నారు. 1147లో అతను మర్రకేష్‌ను గెలిచాడు. ఇక్కడి నుంచి సిద్ధాంతంలోని రెండో భాగం ఒక్కొక్క మెట్టే కనిపిస్తుంది. 1150ల్లో అబ్దుల్ మూమిన్ కొడుకును వారసుడిగా ప్రకటించి, మిగతా కొడుకులను రాష్ట్రాలకు అధికారులుగా పంపాడు. మహ్దీ సోదరులు తిరగబడితే చంపించాడు. తన కూమియా తెగవాళ్లను రాజధానికి రప్పించుకుని చుట్టూ కాపలా పెట్టుకున్నాడు. 1153లో సెతీఫ్ దగ్గర అరబ్బు తెగలను ఓడించాక వాళ్లనే సైన్యంలోకి తీసుకున్నాడు. అతని మనవడు మన్సూర్ ఆ అరబ్బులను మొరాకో మైదానాల్లోకి తరలించాడు. గెలిపించిన మస్మూదాలకు పోటీగా బయటి బలం పెట్టడం ఇందులో స్పష్టం.

గమనించవలసినదేమంటే, ఈ మార్పులన్నీ జరుగుతుండగానే రాజ్యం బలంగా కనిపించింది. 1195లో అలార్కోస్ దగ్గర కాస్తీల్ రాజును చిత్తుగా ఓడించారు. కట్టు సడలడానికీ ఓటమి కనబడటానికీ మధ్య దాదాపు రెండు తరాల తేడా ఉంది. 1212లో లాస్ నవాస్ యుద్ధంలో ఓటమి వచ్చింది. 1224లో ఖలీఫా వారసుడు లేకుండా చనిపోగానే మస్మూదా పెద్దలు తమ పాత హక్కును గుర్తుచేసుకుని ఖలీఫాలను ఎక్కించడం, దించడం మొదలుపెట్టారు. 1229 ప్రాంతంలో మామూన్ అనే ఖలీఫా కాస్తీల్ రాజు ఇచ్చిన క్రైస్తవ సైనికులతో మర్రకేష్ చేరి, పెద్దలను ఊచకోత కోసి, మహ్దీ సిద్ధాంతమే తప్పని ప్రకటించాడు. బోధా పోయింది, తెగా పోయింది. అదే ఏడాది ట్యూనిస్ విడిపోయింది. దాన్ని విడగొట్టింది మొదట్లో అబ్దుల్ మూమిన్‌ను నిలబెట్టిన ఆ అబూ హఫ్స్ మనవడే. 1236లో త్లెమ్సెన్ పోయింది. 1269లో మరీనులు మర్రకేష్ పట్టుకున్నారు.

1147 నుంచి 1269 దాకా 122 ఏళ్లు. లెక్క అచ్చంగా సరిపోయిందని సంబరపడేవాళ్లున్నారు. కానీ ఇబ్న్ తూమర్త్ మహ్దీగా నిలబడిన 1121 నుంచి లెక్కిస్తే 148 వస్తుంది. 1229తో అసలు రాజ్యం ముగిసిందనుకుంటే 82 వస్తుంది. మొదలూ ముగింపూ మనమే ఎంచుకోగలిగినప్పుడు అంకె సాక్ష్యం కాదు. వరుసే సాక్ష్యం: వారసత్వం మార్చడం, బంధువులను అణచడం, బయటి సైన్యం తేవడం, పాత గుంపు పగబట్టడం, అంచులు జారడం. ఆ వరుస ఇక్కడ నిలబడింది.

ఇస్తాంబుల్ చదువు, అల్జీర్స్ చదువు

ఖల్దూన్‌ను మొదట నిశితంగా చదివిన రాజకీయ వర్గం ఒట్టోమన్ కొలువులోది. పదిహేడో శతాబ్దంలో కాతిబ్ చెలెబీ, ఆ తర్వాత ఆస్థాన చరిత్రకారుడు నయీమా రాజ్యానికి వయసు దశలుంటాయన్న ఆలోచనను తీసుకున్నారు. 1730 ప్రాంతంలో పీరీజాదె ముఖద్దిమాలో తొలి ఐదు అధ్యాయాలను తుర్కీలోకి తెచ్చాడు. మిగిలిన ఆరోదాన్ని పందొమ్మిదో శతాబ్దంలో జెవ్దెత్ పాషా పూర్తిచేశాడు. వీళ్లు చేసిన ముఖ్యమైన మార్పు ఒకటుంది. ముసలితనం రాజ్యానికి సహజం, దానికి మందు లేదని ఖల్దూన్ అన్నాడు. మంచి వైద్యుడుంటే ఆయుష్షు పొడిగించవచ్చని ఒట్టోమన్లు అన్నారు. అప్పటికే వాళ్ల వంశం 120 ఏళ్ల గడువును ఎప్పుడో దాటేసింది గనక వాళ్లకు అలా అనుకోక తప్పలేదు.

ఐరోపాకు ఆయన చేరిన తీరు వేరు. ఫ్రాన్స్ 1830లో అల్జీరియా ఆక్రమణ మొదలుపెట్టింది. సైన్యంలో దుబాసీగా పనిచేసిన ద స్లాన్, ఖల్దూన్ ప్రపంచ చరిత్రలోని బెర్బెర్ల భాగాన్ని 1850ల్లోనే ఫ్రెంచిలోకి తెచ్చాడు. సిద్ధాంత గ్రంథమైన ముఖద్దిమా అనువాదం 1860ల్లో వచ్చింది. అంటే పాలించవలసిన జనం గురించిన సమాచారం ముందు, ఆలోచన తర్వాత. ఆ క్రమం చదువును ప్రభావితం చేసింది. పదకొండో శతాబ్దంలో బనూ హిలాల్ అరబ్బులు వచ్చి మిడతల్లా ఊళ్లను నాశనం చేశారన్న ఆయన మాటను పట్టుకుని, అరబ్బులు విధ్వంసకులు, బెర్బెర్లు స్థిరజీవులు అనే జాతి కథ అల్లారు. 1927లో గోతియె పుస్తకం దాన్ని బలంగా ప్రచారం చేసింది. 1967లో పోంసె ఈ హిలాలీ విపత్తు ఒక కల్పన అన్నాడు. ఆ తెగలు రాకముందే అక్కడి రాజ్యం లోపల కుళ్లిందని అతని వాదన. దానిమీద ఇద్రీస్ వంటి చరిత్రకారులు ఎదురువాదం చేశారు. ఇవాళ పూర్తి విధ్వంసం కథను నమ్మేవాళ్లు తక్కువ. ఖల్దూన్ తెగలను జాతులుగా కాక జీవన విధానాలుగా చూశాడన్నది మాత్రం ఆ చర్చ వల్ల స్థిరపడింది. ఎడారి తెగ నగరంలో మూడు తరాలుంటే నగరవాసే అవుతుందని చెప్పినవాడి పేరు మీద జాతి సిద్ధాంతం నిలబెట్టడం అన్యాయం.

ఇరవయ్యో శతాబ్దపు వాదాలు

ఇరవయ్యో శతాబ్దంలో ఆయనకు సమాజశాస్త్ర పితామహుడన్న బిరుదు దక్కింది. 1917లో పారిస్‌లో పరిశోధన చేసిన ఈజిప్టు రచయిత తాహా హుస్సేన్ ఆ బిరుదును అప్పుడే అనుమానించాడు. గిబ్ 1933లో ఆయనను ఇస్లామిక్ న్యాయశాస్త్ర సంప్రదాయంలో పెట్టి చూడాలన్నాడు. ముహ్సిన్ మహ్దీ 1957లో ఆయన అరిస్టాటిల్ కారణవాదాన్ని చరిత్రకు అన్వయించిన తత్వవేత్త అన్నాడు. అజీజ్ అల్ అజ్మె 1980ల్లో మరింత కఠినంగా, మన శాస్త్రాలను ఆయనలో వెతకడమే తప్పని వాదించాడు. 2018లో రాబర్ట్ ఇర్విన్ కూడా శకునాలు, మంత్రాక్షరాలు, దైవభయం ఉన్న ఖల్దూన్‌ను గుర్తుచేశాడు. వీళ్లంతా ఆయనను ఆయన కాలానికి తిరిగి అప్పగించేవాళ్లు.

ఎదుటి వైపు ఆయనను పనిముట్టుగా వాడేవాళ్లున్నారు. ఈవ్ లకోస్ట్ 1966లో అసబియ్యను ఆర్థికంగా చదివాడు. సూడాన్ బంగారపు దారుల మీద పెత్తనం కోసం తెగలు పోటీపడ్డాయనీ, రాజ్యాన్ని కాదని నిలబడగల వర్తక వర్గం ఎదగలేదనీ, అందుకే చక్రం తిరుగుతూనే ఉందనీ అతని వివరణ. ఎర్నెస్ట్ గెల్నర్ 1981లో మొత్తం ముస్లిం సమాజానికి దీన్ని నమూనాగా తీసుకున్నాడు. ఒట్టోమన్లు ఈ నమూనాకు లొంగకపోతే, పిల్లల్ని కుటుంబాల నుంచి వేరుచేసి పాలనకు శిక్షణ ఇచ్చే పద్ధతి వల్ల వాళ్లు తెగల చక్రం నుంచి తప్పించుకున్నారన్నాడు. పీటర్ టర్చిన్ 2003 నుంచి మరో దారి పట్టాడు. అతనికి అసబియ్య అంటే ఏ గుంపుకైనా ఉండే ఉమ్మడి చర్యా సామర్థ్యం. పూర్తిగా భిన్నమైన రెండు నాగరికతలు తలపడే సరిహద్దుల్లో అది పెరుగుతుందని, పెద్ద సామ్రాజ్యాలు అక్కడి నుంచే పుడతాయని అతని ప్రతిపాదన. ముస్లిం రాజవంశాల చక్రం సుమారు ఒక శతాబ్దానికే ముగియడానికి బహుభార్యాత్వం వల్ల ఉన్నత వర్గం వేగంగా పెరగడం కారణమనీ అతను అంటాడు.

ఈ వాదాలను పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ముహ్సిన్ మహ్దీ, అజ్మె వంటివాళ్లు ఖల్దూన్ ఏమన్నాడో చెప్పడంలో అందరికంటే నమ్మదగ్గవాళ్లు, కానీ ఆయనన్నది నిజమా అన్న ప్రశ్న వాళ్ల దగ్గర వెనక్కిపోతుంది. లకోస్ట్ ఆ ప్రశ్న వేశాడు, అయితే బంగారపు దారుల ముందు తెగ లోపలి జీవితం చిన్నదైపోయింది. గెల్నర్ మొదటి వాదాన్ని, అంటే తెగలే రాజ్యాలు తెస్తాయన్నదాన్ని, ఖల్దూన్ కంటే విస్తరించాడు. దాంతో మినహాయింపులు పెరిగాయి. టర్చిన్ తెగను వదిలేసి కట్టును మాత్రం ఉంచుకున్నాడు. దాంతో సిద్ధాంతం రోమ్‌కూ రష్యాకూ వెళ్లగలిగింది గానీ, దాని గుండె లాంటి రాజు, బంధువుల వైరం పలచబడింది. రీగన్ వంటివాళ్లు తీసుకున్నది పన్నుల పేరా ఒక్కటే. అది అసలు వాదంలో కారణం కాదు, కట్టు తెగిన తర్వాత వచ్చే పర్యవసానం. పన్ను తగ్గిస్తే రాజ్యం బతుకుతుందని ఖల్దూన్ అనలేదు. జీతపు సైన్యం మీద బతికే రాజు పన్ను తగ్గించలేడన్నాడు.

లొంగని రెండు ఉదాహరణలు

ఖల్దూన్ కళ్లెదుటే ఉన్న రెండు రాజ్యాలు ఆయన లెక్కకు లొంగలేదు.

మొదటిది ఆయన పుట్టిన ట్యూనిస్. హఫ్సీ రాజ్యం 1229లో మొదలైంది. ముఖద్దిమా పూర్తయిన 1377కు దానికి 148 ఏళ్లు, లెక్క ప్రకారం అప్పటికే పోయి ఉండాలి. పైగా 1370లో అధికారానికొచ్చిన అబుల్ అబ్బాస్ విడిపోయిన ముక్కలను మళ్లీ అతికించాడు. ఖల్దూన్ తన గ్రంథం ప్రతిని సమర్పించింది ఆ సుల్తానుకే. ఆ వంశం 1574 దాకా, మొత్తం 345 ఏళ్లు నిలిచింది. అక్కడ కొత్త తెగ ఏదీ రాలేదు. దీనికి ఖల్దూన్ తన దగ్గరే ఒక సమాధానం ఉంచుకున్నాడు. తరతరాలుగా జనానికి విధేయత అలవాటైతే, ఆ వంశం అసబియ్య లేకపోయినా నడుస్తుందని ఒక అధ్యాయంలో అంటాడు. నిజమే కావచ్చు. కానీ ఆ తలుపు తెరిస్తే 120 ఏళ్ల గడువు నియమంగా మిగలదు.

రెండోది ఈజిప్టు. ఆయన 1382లో కైరో చేరి, సుల్తాన్ బర్ఖూఖ్ కొలువులో మాలికీ ఖాజీల పెద్ద అయ్యాడు. అక్కడ తెగలు లేవు, రాజూ ప్రజలూ తప్ప మధ్యలో మరొకరు లేరు, కాబట్టి పాలన సులభమని ముఖద్దిమాలోనే ఉంది. అయితే ఏలుతున్న మమ్లూకులు ఎవరు? చిన్నప్పుడే ఉత్తరపు మైదానాల నుంచి, కాకసస్ నుంచి కొని తెచ్చిన బానిసలు. ఒకే యజమాని ఇంట్లో కలిసి శిక్షణ పొందినవాళ్లు ఒకరికొకరు అండగా నిలిచేవాళ్లు. వాళ్ల కొడుకులు సాధారణంగా ఆ వర్గంలోకి రాలేరు, ప్రతి తరంలోనూ కొత్తవాళ్లను తేవాలి. ఈ ఏర్పాటు 1250 నుంచి 1517 దాకా సాగింది. తన చరిత్రలో ఖల్దూన్ దీన్ని దేవుడి అనుగ్రహంగా మెచ్చుకున్నాడు. సుఖాలు అంటని మొరటుతనం ఏటేటా కొత్తగా వచ్చి చేరుతోందన్నాడు.

ఈ మెచ్చుకోలు చిన్న విషయం కాదు. ముఖద్దిమాలో బానిస సైన్యం ముసలితనానికి గుర్తు. ఈజిప్టులో అదే యవ్వనానికి మూలమైంది. మగ్రిబ్‌లో బానిసలు రాజు చేతిలో బంధువుల మీద కర్ర. ఈజిప్టులో బానిసలే రాజులు, అణచడానికి వేరే బంధువర్గం లేదు. కట్టు రక్తం నుంచే రానవసరం లేదని, సంస్థలు దాన్ని తయారుచేయగలవని ఇక్కడ రుజువైంది. అదే నిజమైతే తెగ అన్నది సిద్ధాంతానికి అవసరమైన షరతు కాదు, ఆయన ఎక్కువగా చూసిన ఒక రూపం మాత్రమే. ఈ తీర్మానాన్ని ఆయన ముఖద్దిమాలోకి పూర్తిగా తీసుకురాలేదు. కైరోలో గ్రంథాన్ని సవరిస్తూ వచ్చాడు గానీ చట్రం మార్చలేదు.

ఇంకా తేలనివి

అన్నిటికంటే గట్టి అభ్యంతరం తర్కానికి సంబంధించినది. ఎవరికి కట్టు ఉంది? గెలిచినవాళ్లకు. ఎందుకు గెలిచారు? కట్టు ఉంది గనక. అసబియ్యను గెలుపుతోనే గుర్తిస్తే సిద్ధాంతం ఏమీ చెప్పినట్టు కాదు. దీని నుంచి బయటపడాలంటే గెలుపుతో సంబంధం లేని గుర్తులు కావాలి. హత్య జరిగితే పరిహారం ఎవరెవరు కలిసి కడుతున్నారు, పెళ్లి సంబంధాలు ఎవరి మధ్య, జీతం అందని నెలల్లో ఎవరు సైన్యంలో నిలిచారు, వారసుడిని నిర్ణయించడంలో ఎవరి మాట చెల్లింది. మువహ్హిదుల విషయంలో చివరి గుర్తుకు సాక్ష్యం బాగా దొరుకుతుంది, జీతాలకు కొంత దొరుకుతుంది. చాలా రాజ్యాలకు అంత కూడా దొరకదు. టర్చిన్ సమీకరణాలకూ ఇదే ఇబ్బంది. సరిహద్దును కొలవవచ్చు, కట్టును నేరుగా కొలిచే సాధనం లేదు.

బోధకూ కట్టుకూ మధ్య సంబంధం రెండోది. బోధ కట్టును పెంచుతుందని ఖల్దూన్ అన్నాడు. కానీ ఇబ్న్ తూమర్త్ సభలను, తెగల వరుసలను చూస్తే బోధ కట్టును తయారుచేసిందనిపిస్తుంది. అంతకుముందు ఆ కొండ తెగలు ఒకటిగా నిలిచిన దాఖలా లేదు. దీనిమీద చరిత్రకారులు ఒక మాటకు రాలేదు.

నా తీర్పు ఇది. ఎడారివాళ్లు గెలుస్తారన్నది పద్నాలుగో శతాబ్దపు మగ్రిబ్ గురించి మంచి పరిశీలన, సార్వత్రిక నియమం కాదు. 120 ఏళ్ల లెక్కను వదిలేయవచ్చు. తనను నిలబెట్టినవాళ్లను పాలకుడు ఎందుకు అణచక తప్పదు, అణచాక ఎందుకు బలహీనపడతాడు అన్న రెండో వాదం మాత్రం ఆరు వందల ఏళ్ల తర్వాతా నిలిచి ఉంది. హఫ్సీలు, మమ్లూకులు దాన్ని కొట్టివేయరు. ఆ వైరం ఎక్కడ తలెత్తకుండా ఉంటుందో, అక్కడ వంశం ఎందుకు ఎక్కువ కాలం ఉంటుందో చూపిస్తారు. దీన్ని పరీక్షించదలచినవాళ్లు ముఖద్దిమా ఒక్కటే చదివి ఆగిపోవద్దు. దాని తర్వాతి సంపుటాల్లో మువహ్హిదుల, మరీనుల, మమ్లూకుల చరిత్రను ఆయనే వంశాల వారీగా రాసిపెట్టాడు. సిద్ధాంతం ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ సరిపోలేదో ఆ పేజీల్లోనే ఉంది, వాటిని కలిపి చదవండి.